సర్వీసు కంప్లైంట్ కదలకపోతే పైవాళ్లకి ఎలా రాయాలి?

వీడియోలో ఉన్న సోలార్ పంపు మాదే. మే 3న కంట్రోలర్ ఆగింది. టోల్‌ఫ్రీకి మూడుసార్లు ఫోన్ చేస్తే మూడు కంప్లైంట్ నంబర్లు ఇచ్చారు గానీ మనిషి రాలేదు. పైగా రెండింటిని ‘పరిష్కరించాం’ అని మెసేజ్ పెట్టి మూసేశారు!

కోపంతో నాలుగు పేజీలు రాశాను, పంపలేదు. చదివి చూస్తే అందులో నా బాధంతా ఉంది, కంప్లైంట్ నంబరు మాత్రం లేదు. ‘మోసం’ అని కూడా రాశాను. ఎందుకు మూసేశారో నాకు తెలియదు కదా, నాకు తెలిసింది ఎవరూ రాలేదన్నదే. మళ్ళీ కంపెనీ సర్వీస్ హెడ్‌కి మెయిల్ ఇలా పెట్టాను:

“పంపు సీరియల్ నంబరు, బిల్లు జతచేశాను. వారంటీ ఉంది. మే 3, 8, 14 తేదీల్లో కంప్లైంట్ చేశాను. నంబర్లు, మెసేజ్‌లు, స్క్రీన్ మీది ఎర్రర్ ఫోటో జతచేశాను. ఇంతవరకు ఎవరూ పొలానికి రాలేదు. మే 24లోపు టెక్నీషియన్‌ని పంపి కంట్రోలర్ బాగుచేయండి, లేదా మార్చండి. ఎవరు ఏ రోజు వస్తారో తెలపగలరు.”

22న టెక్నీషియన్ వచ్చాడు. ఉప్పుగాలికి బోర్డు పాడైంది, వారంటీ రాదన్నాడు. వాదించలేదు. “అదే సర్వీస్ రిపోర్టులో రాసి సంతకం పెట్టన్నా” అన్నాను. ఆ రిపోర్టుని పాత మెయిల్‌కే జవాబుగా పంపి, వారంటీ కార్డులో ఏ షరతు ప్రకారం కాదంటున్నారో అడిగాను. వారానికి బోర్డు మార్చారు.

గడువు దాటినా జవాబు రాకపోతే అవే కాగితాలతో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. సమస్య మొదలైన 2 ఏళ్లలోపు వేయాలి.