ఒంటిగంట చెమట, ఐదింటి డ్యూటీ

ఒక ఆర్టీసీ కండక్టరు ఉందనుకోండి. వయసు 48. ఫస్ట్ సర్వీసు ఐదింటికి డిపో దాటాలి కాబట్టి మూడున్నరకే లేస్తుంది. రాత్రి ఎనిమిదిన్నరకు పడుకుంటే పది నిమిషాల్లో నిద్ర పడుతుంది. ఒంటిగంట అయ్యేసరికి ఛాతీ దగ్గర మొదలైన వేడి మెడకూ ముఖానికీ ఎగబాకుతుంది. నైటీ తడిసి వీపుకు అంటుకుంటుంది. ఫ్యాను పెంచి, బట్టలు మార్చుకునేలోపు చలి పుడుతుంది. ఇక ఆ తర్వాత కునుకు రాదు. నెలసరి వచ్చి ఎనిమిది నెలలైంది. తోటి కండక్టరు ఇచ్చిన అల్ప్రాజోలం మాత్ర, 0.5 మిల్లీగ్రాములది, లేచినప్పుడల్లా ఒకటి వేసుకోవడం అలవాటైంది. నిద్రయితే వస్తోంది. పొద్దున ఏడింటికి మాత్రం చేతిలో టికెట్ మిషన్ ఉండగానే కళ్లు మూతలు పడుతున్నాయి, స్టేజీల లెక్క తప్పుతోంది, డ్యూటీ దిగేటప్పుడు డబ్బు కట్టే దగ్గర తేడా వస్తోంది.

ఈ మాత్రలో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు 11 గంటలు పడుతుంది. ఒంటిగంటకు వేసుకుంటే ఐదింటికి ముప్పాతిక వంతు ఇంకా రక్తంలోనే ఉంటుంది. క్లోనజెపామ్ దీనికంటే చాలా ఎక్కువసేపు నిలుస్తుంది, సగం పోవడానికే ఒక రోజు దాటుతుంది. త్వరగా దిగిపోతుందని పేరున్న జోల్పిడెమ్ కూడా ఆడవాళ్ల ఒంట్లో నెమ్మదిగా కరుగుతుంది. మర్నాడు పొద్దున బండి నడపడంలో తేడా కనిపించడంతో 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆడవాళ్లకు దాని మోతాదును 10 నుంచి 5 మిల్లీగ్రాములకు తగ్గించింది. జలుబు మాత్ర, దురద మాత్ర వేసుకుని పడుకునేవాళ్లదీ ఇదే కథ. మత్తు పొద్దుటి దాకా లాగుతుంది.

పైగా వీటిలో ఏదీ చెమటను ఆపదు. మెదడులో ఒంటి వేడిని సరిచూసే చోటు ఒకటుంది. ఈస్ట్రోజెన్ తగ్గేసరికి అక్కడి కణాలు అతిగా స్పందించడం మొదలెడతాయి. దుప్పటి కింద పెరిగే కొద్దిపాటి వేడిని కూడా భరించలేని వేడిగా లెక్కేసి, చర్మంలోని రక్తనాళాలను తెరిచి చెమట పట్టిస్తాయి. ఆమెకు నిద్ర రాకపోవడం జబ్బు కాదు. వచ్చిన నిద్రను వేడి చెడగొడుతోంది. అందుకే చెమటను తగ్గించే మందు దొరికితే నిద్ర మందు చాలామందికి అక్కర్లేదు.

డాక్టరు గదిలో చెప్పే మొదటి మాటను బట్టే చీటీ మారిపోతుందని నా నమ్మకం. "నిద్ర పట్టట్లేదు మేడమ్" అంటే రెండు నిమిషాల్లో నిద్ర మాత్ర రాసిచ్చే అవకాశమే ఎక్కువ. "నిద్ర బాగానే పడుతుంది మేడమ్. ఒంటిగంటకి ఒళ్లు భగ్గుమని, బట్టలు తడిసి లేస్తున్నాను. నెలసరి ఆగి ఎనిమిది నెలలైంది. నాకు తెల్లారి ఐదింటికి డ్యూటీ" అంటే ఆవిడ అడిగే ప్రశ్నలే వేరు. వెళ్లేముందు రెండు వారాలు పాల లెక్క రాసే క్యాలెండర్లోనే రాత్రి ఎన్నిసార్లు లేచారు, ఎన్ని గంటలకు, బట్టలు తడిశాయా లేదా అన్నవి రాయండి. తడి లేకుండా, మనసులో ఆలోచనలు గిర్రున తిరుగుతూ లేస్తుంటే దారి వేరు. గట్టిగా గురకపెట్టి ఊపిరాడనట్టు లేస్తుంటే, కాళ్లు లాగుతూ కుదురు లేక లేస్తుంటే అదీ వేరే. ఆ సంగతి క్యాలెండరే బయటపెడుతుంది.

రాత్రి చెమటలన్నీ నెలసరి ఆగడం వల్ల వచ్చేవే కావు. షుగరుకు గ్లిమిపిరైడ్ లాంటి మాత్రో ఇన్సులినో వాడుతుంటే, చెమటతో లేచిన ఆ నిమిషంలోనే వేలిపై పొడిచి చూసుకోండి. 70 కంటే తక్కువుంటే అది షుగరు పడిపోవడం. వెంటనే చక్కెర తిని, మర్నాడే మందు మోతాదు గురించి అడగాలి. సాయంత్రపు జ్వరం, తగ్గని దగ్గు, బరువు తగ్గడం తోడైతే టీబీ పరీక్ష ముందు. థైరాయిడ్ పరీక్ష కూడా ఒకసారి చేయించడం మంచిది.

ఇక మందులు. చెమటల మీద అన్నిటికంటే బాగా పనిచేసేది ఈస్ట్రోజెనే. 60 ఏళ్ల లోపు, లేదా నెలసరి ఆగి పదేళ్లు దాటనివాళ్లలో, వేరే అడ్డంకులు లేకపోతే లాభమే ఎక్కువన్నది ఇప్పటి నిపుణుల మాట. మాత్రగా మింగేదానికంటే చర్మానికి రాసే జెల్ రక్తం గడ్డకట్టే ముప్పు విషయంలో నయం. గర్భసంచి ఉన్నవాళ్లు ఒక్క ఈస్ట్రోజెన్ వాడకూడదు, దాని లోపలి పొర పెరిగి క్యాన్సరుకు దారితీయొచ్చు. అందుకే ప్రొజెస్టెరాన్ జతచేస్తారు. మన కండక్టరుకు పనికొచ్చే సంగతి ఇక్కడుంది. మైక్రోనైజ్డ్ ప్రొజెస్టెరాన్ గొట్టం మాత్ర తనంతట తానే కొంచెం నిద్ర తెప్పిస్తుంది, అందుకే పడుకునే ముందు వేసుకోమంటారు. కావలసిన వేళకే వచ్చే దుష్ఫలితం కాబట్టి అది వరమే అనుకోవాలి. ఎనిమిదింటికి వేసుకుంటే మూడున్నరకు చాలామందిలో దాని మగత దిగిపోతుంది. అన్నంతో కలిపి వేసుకుంటే ఒంటికి ఎక్కువగా పట్టి మగతా పెరుగుతుంది. పొద్దున బరువుగా ఉందంటే మొదట ఇదే అడగండి.

ఆంధ్ర, తెలంగాణల్లో మరో మాట చెప్పక తప్పదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్ల శాతం దేశంలో అందరికంటే ఎక్కువున్నది ఈ రెండు రాష్ట్రాల్లోనే. నలభై నిండకముందే ఆపరేషన్ అయినవాళ్లు ఊరూరా ఉన్నారు. అండాశయాలు కూడా తీసేసి ఉంటే చెమటలు ఒక్కసారిగా, గట్టిగా మొదలవుతాయి. సాధారణంగా అలాంటివాళ్లకు ఈస్ట్రోజెన్ ఒక్కటే చాలు. పాత డిశ్చార్జి కాగితం వెతికి, ఏం తీశారో ఏం ఉంచారో డాక్టరుకు చూపించండి. కాగితం పోతే స్కానింగులో కొంతవరకు తెలుస్తుంది.

రొమ్ము క్యాన్సరు వచ్చినవాళ్లు, కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టినవాళ్లు, పక్షవాతమో గుండెపోటో వచ్చినవాళ్లు, కాలేయ జబ్బున్నవాళ్లు, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవాళ్లు ఈ హార్మోను దారిలో వెళ్లకూడదు. నెలసరి పూర్తిగా ఆగి ఏడాదయ్యాక ఒక్క చుక్క కనిపించినా ముందు పరీక్ష, ఆ తర్వాతే మందు.

హార్మోను వద్దన్నప్పుడు రెండు మందులు ఎక్కువగా వాడతారు. వాటిని డ్యూటీ వేళను బట్టి ఎంచుకోవచ్చు. చెమటలు రాత్రే ఎక్కువైతే గాబాపెంటిన్. ఇది నిద్ర కూడా తెప్పిస్తుంది, 300 మిల్లీగ్రాములు రాత్రి ఒక్కసారి, కొందరికి 100తో మొదలు. సగం దిగడానికి ఐదు నుంచి ఏడు గంటలు పడుతుంది కాబట్టి వేళే ముఖ్యం. మూడున్నరకు లేచే మనిషి పదింటికి వేసుకుంటే బస్సెక్కాక తల తిరుగుతుంది. ఏడున్నరకు వేసుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. మొదటి మాత్ర వారపు సెలవుకు ముందు రాత్రి వేసుకోవాలి. మర్నాడు ఇంట్లోనే ఉంటారు, మగత ఎంతసేపు లాగుతుందో తెలుస్తుంది. కిడ్నీ సరిగా లేనివాళ్లలో ఇది ఒంట్లో పేరుకుంటుంది, మోతాదు తగ్గించాలి. మందు పుచ్చుకున్న రాత్రి కల్లూ సారా ఏదీ కూడదు, నిద్ర మాత్రా కలపకూడదు.

పగలు కూడా ఆవిర్లు వస్తుంటే, మత్తు అసలే వద్దనుకుంటే వెన్లాఫాక్సిన్. మెల్లగా వదిలే రకం 37.5 మిల్లీగ్రాములు పొద్దున టిఫిను తిన్నాక. వారం తర్వాత 75 దాకా పెంచుతారు. మత్తు తక్కువ, మొదటి వారం రెండు వారాలు కడుపులో వికారం ఎక్కువ. బీపీ పెరగొచ్చు కాబట్టి నెలకోసారి చూపించుకోవాలి. ఇది దిగులుకు ఇచ్చే మందని ఇంటర్నెట్లో చదివి "నాకేం పిచ్చా" అని మానేసేవాళ్లున్నారు. ఇక్కడిచ్చేది ఒంటి వేడి కోసం. ఠక్కున ఆపితే తల తిరుగుడు, చిరాకు వస్తాయి, తగ్గించుకుంటూ ఆపాలి. రొమ్ము క్యాన్సరుకు టామాక్సిఫెన్ వాడుతున్నవాళ్లకు దిగులు మందుల్లోనే ఒకటైన పారాక్సెటిన్ పనికిరాదు. టామాక్సిఫెన్ ఒంట్లో పనిచేసే రూపంలోకి మారకుండా అది అడ్డుపడుతుంది. వెన్లాఫాక్సిన్‌తో ఆ ఇబ్బంది దాదాపు లేదు.

అమెరికాలో ఉన్న మన ఆడవాళ్లు అడుగుతున్న కొత్త మందు ఫెజోలినెటాంట్. 2023 మేలో అక్కడ అనుమతి వచ్చింది. రోజుకు 45 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి. హార్మోను కాదు, మెదడులో వేడిని చూసుకునే ఆ కణాల మీదే నేరుగా పనిచేస్తుంది, నిద్ర మాత్రల్లా మత్తెక్కించదు. ఇబ్బందల్లా కాలేయం. మొదలెట్టే ముందూ, మొదటి మూడు నెలలు నెలనెలా, ఆ తర్వాత ఆరో నెల, తొమ్మిదో నెల రక్త పరీక్ష తప్పదు. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా మందు ఆపి అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

మన కండక్టరు సంగతికి వద్దాం. బీపీ మామూలుగా ఉంది, రొమ్ము పరీక్షలో తేడా లేదు, గర్భసంచి ఉంది. డాక్టరు ఈస్ట్రోజెన్ జెల్, రాత్రికి ప్రొజెస్టెరాన్ రాశారు. పాత అల్ప్రాజోలం ఎప్పుడో ఒకసారి కాకుండా నెలల తరబడి రోజూ వేసుకుంటోంది కాబట్టి ఒక్కరోజులో ఆపనివ్వలేదు. ఆపితే గుండెదడ, వణుకు, ముందుకంటే పాడు నిద్ర, ఒక్కోసారి ఫిట్సు కూడా రావచ్చు. వారాల మీద కొంచెం కొంచెంగా తగ్గించే లెక్క రాసిచ్చారు. జెల్ మొదలెట్టిన వారానికే ఏమీ మారలేదని నిరాశపడకూడదు. రెండు నుంచి నాలుగు వారాల్లో తేడా మొదలవుతుంది, పూర్తి ఫలితం చూడాలంటే మూడు నెలలు ఆగాలి. ఈలోపు క్యాలెండర్లో తడిసిన రాత్రుల లెక్క సాగుతూనే ఉండాలి. డాక్టరు మోతాదు మార్చేది దాన్ని చూసే.

నాలుగో వారానికి బట్టలు తడవడం ఆగింది గానీ ఒంటిగంటకు మెలకువ మాత్రం వస్తోందనుకోండి. అది వేడి కాదు, అలవాటు. దానికి మందు పెంచి లాభం లేదు. నిద్రకు సంబంధించిన ప్రవర్తనా చికిత్స చేసే నిపుణులు ముందుగా చేయించేది మంచం మీది గంటలను తగ్గించడం. ఏడు గంటలు పడుకుని ఐదు గంటలే నిద్రపోతున్న మనిషిని ఎనిమిదిన్నరకు కాకుండా పదింటికి పడుకోమంటారు. ఇరవై నిమిషాల్లో నిద్ర రాకపోతే మంచం దిగి వేరే గదిలో కూర్చోవాలి, కళ్లు మూతలు పడ్డాకే తిరిగి రావాలి. లేచే వేళ మాత్రం సెలవు రోజైనా మూడున్నరే. మొదటి రెండు వారాలు పగలు తూలుతుంది కాబట్టి స్కూటీ నడిపేవాళ్లూ, స్టీరింగు పట్టేవాళ్లూ దీన్ని సెలవుల్లో మొదలుపెట్టాలి, లేదా మంచం మీది సమయాన్ని వారానికో పావుగంట చొప్పున తగ్గించుకుంటూ పోవాలి.