మే బిల్లు, డిసెంబరు బిల్లు

కస్టమర్ల మాటలతో తయారయ్యే కరౌసెల్‌లో, అంటే వేలితో పక్కకు జరుపుతూ చూసే ఫోటోల పోస్టులో, పచ్చి అబద్ధాలు తక్కువే. నమ్మకం చెడేది ఏ మాట ఉంచారు, ఏ మాట కోశారు, ఏ నెలను ఏ నెలతో పోల్చారు అన్న దగ్గర.

గడివేముల మండలం వాళ్లకు సోలార్ కొత్త కాదు. గని, శకునాల దగ్గరి వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు వాళ్ల ఇరుగుపొరుగులోనే ఉంది. అలాంటి చోట మిద్దెల మీద సోలార్ ప్లేట్లు బిగించే ఒక ఫిట్టరు ఉన్నాడనుకోవచ్చు. 2024 అక్టోబరులో ఒక ఇంటికి 2 కిలోవాట్ల ప్లేట్లు బిగించాడు. ఆ ఇంట్లో ఏసీ ఉంది. అంతకు ముందు మే నెలలో 420 యూనిట్లు కాలాయి. ప్లేట్లు వచ్చాక డిసెంబరు బిల్లులో యూనిట్లు సున్నా. ‘420 నుంచి సున్నాకు’ అని మొదటి స్లైడు రాయడానికి చెయ్యి ఉబలాటపడుతుంది.

రెండు అంకెలూ నిజమే, పోలికే తప్పు. డిసెంబరులో ఏసీ నడవదు. ప్లేట్లు లేని 2023 డిసెంబరులోనూ ఆ ఇంటికి 180 యూనిట్లే కాలాయి. 2 కిలోవాట్ల ప్లేట్లు రోజుకు సుమారు 8 యూనిట్ల చొప్పున నెలకు 240 దాకా ఇస్తాయి కాబట్టి 180 తీరిపోవడం వింత కాదు. అసలు పరీక్ష 2025 మే. ఆ నెలలోనూ 420 యూనిట్లే కాలాయి, ప్లేట్లు 250 ఇచ్చాయి, లైను నుంచి తీసుకున్న లెక్క 170కి దిగింది. స్లైడు మీద ఉండాల్సింది ఇది: ‘మే 2024లో 420 యూనిట్లు, మే 2025లో 170. 2 కిలోవాట్లు, ఒక ఏసీ ఉన్న ఇల్లు.’ ‘జీరో బిల్లు’ అనే మాట అసలు వాడకూడదు. యూనిట్లు సున్నా అయినా ఫిక్స్‌డ్ చార్జీ వస్తూనే ఉంటుంది. ఆ బిల్లు చేతికందిన రోజే కస్టమరుకు పోస్టు గుర్తొస్తుంది.

ఇక కస్టమరు మాట. ఆ ఇంటాయన వాట్సాప్‌లో ఇలా పంపాడనుకుందాం: ‘ఎండాకాలం ఏసీ ఏసుకున్నా బిల్లు సగం కూడా రాలేదన్నా. కొత్త మీటరుకు మాత్రం నెలన్నర కాచుకున్యాం.’ రెండో వాక్యం కోసేయాలనిపించడం సహజం. కానీ మొదటి వాక్యాన్ని నమ్మించేది అదే. ఆలస్యం సంగతి దాచకుండా చెప్పిన మనిషి బిల్లు సంగతీ సరిగ్గానే చెప్పి ఉంటాడని చదివేవాళ్లకు అనిపిస్తుంది. యాసను దిద్ది ‘అద్భుతమైన సేవ’ అని పుస్తక భాషలో పెడితే అది ఫిట్టరే రాసుకున్నట్టు కనిపిస్తుంది. పొడవు తగ్గించాల్సి వస్తే కోసిన చోట చుక్కలు పెట్టాలి. అర్థం మారకూడదు, మారిందో లేదో కస్టమరుకే చూపించి అడగాలి. వేసుకోవడానికి ఒప్పుకోలు ఎలాగూ కావాలి కాబట్టి రెండు పనులూ ఒక్కసారే అయిపోతాయి. బిల్లు ఫోటోలో పేరు, సర్వీసు నంబరు, ఇంటి అడ్రసు కప్పాలి. తేదీని, యూనిట్లను మాత్రం కప్పకూడదు.

ఒక్క ఇల్లు చూపిస్తే ‘మిగతా ఇళ్ల సంగతేంది?’ అని ఎవరైనా అడుగుతారు. దానికి ఒక స్లైడు కేటాయించాలి: ‘బిగించినవి 14 ఇళ్లు. బిల్లులు చూపించినవి 9. మే నెలలో తగ్గినవి 150 నుంచి 260 యూనిట్లు.’ 150 దగ్గర ఆగిన ఇంటి కారణమూ అక్కడే రాయాలి. పక్క మేడ నీడ మధ్యాహ్నం మూడింటికే మిద్దె మీద పడుతోంది. తక్కువ వచ్చిన ఇంటిని చూపించడం వ్యాపారానికి నష్టమనుకుంటారు గానీ, నీడపడే మిద్దె ఉన్న మనిషి ముందే ఫోన్ చేసి అడగడానికి అదే దారి.

ఇన్‌స్టాగ్రామ్ 2024 నుంచి 20 స్లైడ్లు ఒప్పుకుంటున్నా దీనికి ఆరు చాలు. వరుస కన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. చూసేవాళ్లు ఒక్క స్లైడునే స్క్రీన్‌షాట్ తీసి ఊరి గ్రూపులో పడేస్తారు. షరతులన్నీ చివరి స్లైడులో కుక్కితే అవి గ్రూపుదాకా రావు. అందుకే అంకె ఉన్న ప్రతి స్లైడులోనూ నెల, కిలోవాట్లు, ఏసీ ఉందా లేదా అన్నది చదవగలిగే సైజులో ఉండాలి. కస్టమరుకు తగ్గింపు ఇచ్చినా, అతను బంధువైనా, ఆ ముక్క అతని మాట ఉన్న స్లైడులోనే రాయాలి.

తప్పుదోవ పట్టించే ప్రకటనలపై కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022లో తెచ్చిన మార్గదర్శకాలు కూడా సిఫారసు మాట నిజమైనదిగా, ఇప్పటి అభిప్రాయంగా ఉండాలంటాయి. ఈ ‘ఇప్పటి’ అన్నది చాలామంది మరిచేది. ప్లేట్ల మీద దుమ్ము పేరుకుని మరుసటి ఏడాది మేలో ఆ ఇంటి లెక్క 170 నుంచి 210కి పెరిగితే పాత స్లైడును అలాగే తిప్పకూడదు. కొత్త అంకె, కారణం, కడిగిన తర్వాతి నెల లెక్క చేర్చాలి. ఆ ఇంటాయన మనసు మార్చుకుంటే పోస్టు తీసేయాలి.