నీరు ఎటు? లవణాన్ని కాదు, నీటి శక్మాన్ని చూడండి

‘అధిక గాఢత నుంచి అల్ప గాఢతకు’ అన్న వాక్యాన్ని లవణానికి వర్తింపజేస్తే ద్రవాభిసరణ ప్రశ్నలో బాణం తిరగబడుతుంది. నీరు ఎప్పుడూ నీటి శక్మం ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటుకే వెళ్తుంది. స్వచ్ఛమైన నీటికది సున్నా. లవణం కలిస్తే రుణాత్మకంలోకి దిగుతుంది, కణంలోని పీడనం దాన్ని పైకి నెడుతుంది.

బుక్కరాయసముద్రం ఎర్రనేలలో వాన మొహం చాటేసిన వేరుశనగ చేను తీసుకుందాం. వేరు కణం ద్రావిత శక్మం −1.2, పీడన శక్మం +0.2 మెగాపాస్కల్ అనుకుంటే, మొత్తం −1.0. మట్టి తేమలో లవణాలు స్వల్పం. లవణం లెక్కనే నమ్మినవాళ్లు ‘నీరు వేరులోకి’ అని గుర్తిస్తారు. కానీ ఎండిన మట్టి రేణువులు నీటిని గట్టిగా పట్టుకుంటాయి. మొక్క శాశ్వతంగా వాడిపోయే స్థాయిలో నేల శక్మాన్ని సాధారణంగా −1.5గా తీసుకుంటారు. −1.0 నుంచి −1.5 వైపు, అంటే వేరు నుంచి మట్టికే నీటి మొగ్గు. వాన పడి నేల −0.03కు చేరితే నీరు వేరులోకి వస్తుంది.

లవణం ఎక్కువున్న వైపుకే నీరు వెళ్తుందన్న సూత్రం, రెండు వైపులా పీడనం సమానమై, మట్టి పట్టు లాంటిది లేనప్పుడే చెల్లుతుంది. ప్రశ్నలో పీడనం అంకె ఇచ్చారంటే ఉచ్చు అక్కడే ఉంది. అన్నట్టు, −1.5 కన్నా −1.0 పెద్దది, తెలిసిందే, పరీక్ష హాల్లో చాలామంది మరిచేదీ ఇదే.