సగటు ధర 45, మనకు పడింది 42.86: తేడా ఎక్కడిది?

ఈ నెల ‘ఇంటి లెక్క’ సిప్ కడుతున్న ఇళ్ల కోసం. పిల్లల ఇంటర్, ఇంజినీరింగ్ ఫీజులకు పనికొస్తుందని నెలనెలా ఒకే మొత్తాన్ని మ్యూచువల్ ఫండ్‌లో వేసేవారు మీలో చాలామందే ఉంటారు. వారికి ఎవరో ఒకరు ఈ మాట చెప్పే ఉంటారు: “ఇలా కడితే మీకు పడే ధర, ఆ నెలల సగటు ధర కన్నా ఎప్పుడూ తక్కువే.” ఆ మాట నిజమే. తొమ్మిదో తరగతి బీజగణితంతో నిరూపించవచ్చు. కానీ ఆ మాట విని “అయితే నష్టం రాదన్నమాట” అనుకుంటే అది వేరే మాట. రెండింటికీ మధ్య ఎంత దూరముందో పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూద్దాం.

ఫండ్ సంగతి తర్వాత. ముందు టమాటాలతో మొదలుపెడదాం. 2023 జూలైలో కిలో వంద దాటిన టమాటాను మనమెవరం మర్చిపోలేదు కదా. మూడు వారాల్లో కిలో ధర 20, 30, 60 రూపాయలు అనుకోండి. మీరు ప్రతి వారం సరిగ్గా 120 రూపాయలకు కొంటారు. మొదటి వారం 6 కిలోలు, రెండో వారం 4, మూడో వారం 2 కిలోలు వస్తాయి. మొత్తం 360 రూపాయలకు 12 కిలోలు, అంటే కిలో 30 రూపాయలకు పడింది. ఎదురింటివారు ధరతో పని లేకుండా వారానికి 2 కిలోలు కొన్నారు. వారికి 6 కిలోలకు 220 రూపాయలైంది. కిలో 36 రూపాయల 67 పైసలు. 20, 30, 60 కలిపి మూడుతో భాగిస్తే వచ్చేది కూడా ఇదే.

ఇక్కడ బేరమాడే తెలివి ఏమీ లేదు. డబ్బు స్థిరంగా ఉంటే, చవకైన వారం ఎక్కువ సరుకు, ఖరీదైన వారం తక్కువ సరుకు దానంతటదే సంచిలో పడుతుంది. మీ 12 కిలోల్లో సగం 20 రూపాయల ధరకు వచ్చినవే. ఎదురింటివారి సంచిలో మూడు ధరలకూ సమాన వాటా ఉంది. సరుకు స్థిరంగా ఉన్నప్పుడు పడే ధర మనందరికీ తెలిసిన సగటు, అంటే అంకగణిత మధ్యమం. డబ్బు స్థిరంగా ఉన్నప్పుడు పడే ధర పేరు హరాత్మక మధ్యమం. దాన్ని కట్టే పద్ధతి ఇది: ప్రతి ధరకూ వ్యుత్క్రమం తీసుకుని, వాటిని కూడి, ఆ మొత్తంతో ధరల సంఖ్యను భాగించాలి.

3 ÷ (1/20 + 1/30 + 1/60) = 30

1/20 అంటే ఒక్క రూపాయికి వచ్చే టమాటా, కిలోలో ఇరవయ్యో వంతు. అలా చూస్తే వ్యుత్క్రమం ఎందుకు వచ్చిందో పిల్లలకు వేరే చెప్పనక్కర్లేదు. వెళ్లేటప్పుడు గంటకు 30 కిలోమీటర్లు, వచ్చేటప్పుడు 60 కిలోమీటర్ల వేగమైతే సగటు వేగం 45 కాదు, 40 అని వాళ్లు చేసే లెక్క కూడా ఇదే. అక్కడ స్థిరంగా ఉండేది దూరం, ఇక్కడ డబ్బు.

ఇప్పుడు ఫండ్ దగ్గరికి వద్దాం. నెలకు 6,000 రూపాయల సిప్, ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా. ఫండ్‌లో ఒక యూనిట్ ధరను ఎన్ఏవీ అంటారు. అది ఆ ఆరు నెలల్లో వరుసగా 50, 40, 30, 40, 60, 50 అనుకుందాం. లెక్క తేలికగా ఉండాలని ఎంచుకున్న అంకెలివి. నిజం ఫండ్ ఆరు నెలల్లో ఇంతగా ఊగడం అరుదు. వచ్చే యూనిట్లు 120, 150, 200, 150, 100, 120. మొత్తం 840. కట్టింది 36,000. ఒక్కో యూనిట్ 42 రూపాయల 86 పైసలకు పడింది. ఆరు ధరల సగటు మాత్రం 45.

ఈ రెండు రూపాయల 14 పైసల తేడా ఉత్తుత్తిది కాదు. ఎవరైనా నెలకు సమానంగా 140 యూనిట్లు కొని అదే 840 కూడబెడితే వారికి 37,800 అయ్యేది. మీకు 1,800 తక్కువైంది. పైగా వారు ఒక నెల 4,200, మరో నెల 8,400 సర్దుకోవాలి. జీతం మీద బతికే ఇంటికి అది కుదిరే పని కాదు.

తేడా ఎప్పుడూ మనవైపే ఎందుకుంటుంది? రెండు నెలలకే చూపిస్తే చాలు. ధరలు a, b అనుకుంటే అంకగణిత మధ్యమం (a+b)/2, హరాత్మక మధ్యమం 2ab/(a+b). మొదటిదాంట్లోంచి రెండోది తీసివేయమని మీ అమ్మాయినో అబ్బాయినో అడగండి. ఇది రావాలి:

(a − b)² / 2(a + b)

పైన ఉన్నది వర్గం, కాబట్టి రుణాత్మకం కాలేదు. రెండు ధరలూ సమానమైతేనే సున్నా. ఈ సూత్రంలో ఇంకో విషయం కూడా ఉంది, నాకు నిరూపణ కన్నా అదే ముఖ్యమనిపిస్తుంది. ధరలు 49, 51 అయితే తేడా 2 పైసలు. 40, 60 అయితే 2 రూపాయలు. రెండు జతలకూ సగటు 50 రూపాయలే. ఊగిసలాట పదింతలైతే తేడా వందింతలైంది. అంటే పెద్దగా కదలని ఫండ్‌లో ఈ లాభం పైసల్లోనే ఉంటుంది. అది రూపాయల్లో కనబడాలంటే ధర బాగా ఊగాలి, అలా ఊగే ఫండ్ కింద కూడా అంతే గట్టిగా పడుతుంది. ఈ తేడా కోసమని ఎక్కువ ఊగే ఫండ్‌ను వెతుక్కుని వెళ్లడం తెలివైన పని కాదు.

ఇక అసలు విషయం. సెప్టెంబర్‌లో ఎన్ఏవీ 50. మీ 840 యూనిట్ల విలువ 42,000. కట్టింది 36,000 కాబట్టి 6,000 లాభం. బాగుంది. ఇప్పుడు అవే ఆరు ధరల వరుస మార్చి చూద్దాం: 50, 50, 60, 40, 40, 30. సగటు ధర మళ్లీ 45. యూనిట్లు మళ్లీ 840. పడిన ధర మళ్లీ 42.86. కానీ చివరి నెల ధర 30 కాబట్టి చేతిలో ఉన్నది 25,200. అంటే 10,800 నష్టం.

రెండు సగటుల్లోనూ పైసా మారలేదు, ఆరు వేల లాభం కాస్తా పది వేల పైచిలుకు నష్టమైంది. కారణం చిన్నదే. సగటులకు వరుసతో సంబంధం లేదు, మనకు వచ్చే డబ్బు మాత్రం అమ్మే రోజు ధరను బట్టి వస్తుంది. కాబట్టి 42.86ను 45తో పోల్చి సంతోషించడంలో పెద్దగా అర్థం లేదు. పోల్చాల్సింది నేటి ఎన్ఏవీతో. 42.86 అంటే మన అసలు మనకు వచ్చే గీత. ఎన్ఏవీ దానికి పైన ఉంటే లాభం, కింద ఉంటే నష్టం. పట్టికలో సగటు ధర, పడిన ధర పక్కపక్కన వేసి నేటి ధర కాలమ్ వదిలేసినవారెవరైనా కనిపిస్తే, ఆ మూడో అంకె అడగండి.

ఒకేసారి మొత్తం వేయడం కన్నా సిప్ ఎప్పుడూ మేలని కూడా ఈ సూత్రం చెప్పదు. ధరలు 30 నుంచి 60 దాకా పెరుగుతూ పోయిన కాలంలో మొదటి రోజే 36,000 వేసినవారికి 1,200 యూనిట్లు వచ్చేవి. చేతిలో అంత డబ్బు ఒకేసారి ఉండటం వేరే సంగతి.

మీ సొంత ఖాతాలో చూసుకోవాలంటే ఫండ్ స్టేట్‌మెంట్‌లోని నెలనెలా ఎన్ఏవీలను ఎక్సెల్ షీట్‌లో B2 నుంచి B7 దాకా వేసి ఈ రెండూ టైప్ చేయండి:

```
=AVERAGE(B2:B7)
=HARMEAN(B2:B7)
```

రెండోది మీ స్టేట్‌మెంట్‌లోని సగటు కొనుగోలు ధరకు దాదాపు సరిపోవాలి. పైసల్లో తేడా ఉంటే కంగారు పడకండి. 2020 జూలై 1 నుంచి కొనుగోలు మీద 0.005 శాతం స్టాంప్ డ్యూటీ ఉంది. 6,000లో 30 పైసలు దానికి పోయి మిగిలిన 5,999.70కే యూనిట్లు వస్తాయి.

తేడా రూపాయల్లో ఉంటే మాత్రం సాధారణంగా కారణం ఇది: ప్రతి నెలా ఒకే మొత్తం పడలేదు. మధ్యలో సిప్ పెంచి ఉంటారు, లేదా ఒక నెల తప్పి ఉంటారు. హరాత్మక మధ్యమం సమాన వాయిదాలకే వర్తిస్తుంది. వాయిదాలు మారితే మొత్తం డబ్బును మొత్తం యూనిట్లతో భాగించడమే సరైన దారి, అప్పుడు “ఎప్పుడూ తక్కువే” అన్న హామీ కూడా ఉండదు.

మన ఇళ్లలో తప్పే నెల ఏదో అందరికీ తెలుసు: జూన్. ఫీజు, పుస్తకాలు, యూనిఫాం, బస్సు అన్నీ ఒకేసారి వచ్చి, వాయిదా తేదీకి ఖాతాలో డబ్బుండదు. ఆటో డెబిట్ తిరిగిపోతుంది, బ్యాంకు చార్జీ పడుతుంది. మన మొదటి ఉదాహరణలో జూన్ ధరే 30. ఆ ఒక్క నెల తప్పితే కట్టింది 30,000, యూనిట్లు 640, పడిన ధర 46.88. ఆరు నెలల సగటు 45 కన్నా అది ఎక్కువ. సెప్టెంబర్‌లో లాభం 6,000 నుంచి 2,000కు తగ్గింది. అదే ధర 60 ఉన్న ఆగస్టులో తప్పి ఉంటే పడిన ధర 40.54కు దిగేది. ఏ నెల ఏ ధర ఉంటుందో ముందుగా ఎవరికీ తెలియదు కాబట్టి, సిప్ మొదలుపెట్టేటప్పుడే జూన్‌లో కూడా కట్టగలిగే మొత్తాన్ని ఎంచుకోండి. మిగతా నెలల్లో సులువుగా కట్టగలిగేది 6,000 అయినా, జూన్‌కు 4,000 మించి కుదరదంటే, 4,000తోనే మొదలుపెట్టండి.