ఇంటర్వెల్ ఆపితే కుదురు వస్తుందా?

సమస్య: మా బాబుకి ఎనిమిదేళ్లు, మూడో తరగతి. ఏడీహెచ్‌డీ అని డాక్టర్ చెప్పారు. రోజూ డైరీలో ‘వర్క్ పూర్తి చేయలేదు, మాట్లాడుతున్నాడు’ అనే రిమార్కులే. చివరి బెంచీలో కూర్చోబెడుతున్నారు, రాయకపోతే ఇంటర్వెల్‌కి పంపడం లేదు. అడిగితే, “నలభై అయిదు మందిలో మీవాడొక్కడినే చూడాలా?” అన్నారు టీచర్. ఏం చేయను?
— ఒక తల్లి, హనుమకొండ

సలహా: టీచర్ అడిగిందీ న్యాయమే. కాబట్టి ఆవిడ చేయగలిగినంతే అడగండి. స్కూలు వదిలే వేళ గేటు దగ్గర కాకుండా, ముందే చెప్పి పది నిమిషాలు కూర్చుని మాట్లాడండి.

ముందు సీటు సంగతి. ముందు వరుసలో, తలుపుకీ కిటికీకీ దూరంగా, కుదురైన పిల్లవాడి పక్కన చోటు అడగండి. ఒంటరిగా కూర్చోబెట్టడం మాత్రం వద్దు. అది శిక్షలా ఉంటుంది. టీచర్ నడుస్తూ వాడి పుస్తకం మీద వేలు పెట్టి చూపిస్తే చాలు, పేరు పెట్టి అరవక్కర్లేదు.

ఇంటర్వెల్ ఆపడం మాత్రం నాకు అస్సలు నచ్చలేదు. కదలకుండా ఉండలేని పిల్లవాడికి కదిలే వేళ తీసేస్తే తర్వాతి పీరియడ్ ఇంకా పాడవుతుంది. అది ఆపవద్దని కోరండి. మధ్యలో నోటు పుస్తకాలు పంచడం, బోర్డు తుడవడం లాంటి పనులు వాడికి అప్పగిస్తే లేచి తిరగడానికి ఓ వంక దొరుకుతుంది.

ఇక డైరీ. ‘మాట్లాడుతున్నాడు’ అని రాస్తే ఏం చేయాలో వాడికి తెలియదు. దాని బదులు చిన్న కార్డు పెట్టండి. రెండే అంశాలు: ఇచ్చిన మొదటి అయిదు లెక్కలో, వాక్యాలో పూర్తి చేశాడా, చేయెత్తి మాట్లాడాడా. మూడు పీరియడ్లకు కలిపి ఆరు టిక్కులు. పీరియడ్ అయ్యాక టిక్ పెట్టడానికి అర నిమిషం కూడా పట్టదు. మొదటి వారం వాడికి చెప్పకుండా టిక్కులు వేయమనండి. రోజుకి రెండు వస్తున్నాయనుకోండి, లక్ష్యం మూడు పెట్టండి, ఆరు కాదు. అందనిది పెడితే మూడో రోజుకే కార్డు చింపేస్తాడు. మూడు వస్తే ఆ సాయంత్రమే అరగంట సైకిలో, మీతో క్యారమ్సో. ఆదివారం బహుమతి అంటే వాడికి చాలా దూరం. రాని టిక్కుకి తిట్టొద్దు. వారమంతా నిలకడగా వస్తే నాలుగుకి పెంచండి.

మూడు వారాలైనా కదలిక లేకపోతే పిల్లవాణ్ని అనకండి. పని ఎక్కువైందా, బహుమతి పాతబడిందా చూడండి. టిక్కులు ఎప్పుడూ మధ్యాహ్నమే పోతుంటే, మందు వాడుతున్నట్లయితే దాని ప్రభావం అప్పటికి తగ్గుతుండవచ్చు. అది తేల్చాల్సింది డాక్టరే. మందు వేళ, మోతాదు మీరు మార్చకండి. కార్డులన్నీ దాచి, తర్వాత చూపించడానికి వెళ్లినప్పుడు పట్టుకెళ్లండి.