మీరు విన్న పాటకు డబ్బు ఎలా చేరుతుంది

చాలా ఏళ్లు పాటల రికార్డింగు పనిలో ఉన్నవాణ్ణి. సొంతంగా పాటలు విడుదల చేసుకునే పిల్లలు ఇప్పటికీ తమ లెక్కలు తెచ్చి చూపిస్తుంటారు. వాటిలో నాకు అర్థమైనవి వినేవాళ్ల కోసం రాస్తున్నాను.

1. ఒక్కో ప్లేకి ఇంత అని కట్టిన రేటు లేదు. స్పాటిఫై తనకొచ్చే చందాలు, ప్రకటనల డబ్బులో దాదాపు మూడింట రెండు వంతులు హక్కుదారులకు ఇస్తుంది. ఆ నెల జరిగిన మొత్తం ప్లేలలో ఎవరి పాటల వాటా ఎంతో, డబ్బులోనూ వాళ్లకు అంతే.

2. మీరు కట్టిన చందా మీరు విన్న గాయనికే పోతుందనుకోకండి. ఇద్దరే చందాదారులు ఉన్నారనుకుందాం. చెరో 120 రూపాయలు కడితే హక్కుదారులకు 160 మిగులుతుంది. ఒకాయన ఒక జానపద గాయని పాటలే 20 సార్లు విన్నాడు. రెండో ఆయన సినిమా పాటలు 180 సార్లు వేశాడు. గాయని వాటా పదో వంతు, అంటే 16 రూపాయలు. మొదటాయన చందాలోంచి పక్కన పెట్టిన 80లో ఎక్కువ భాగం ఆయన వినని పాటలకే పోయింది! ఆయన 60 సార్లు విని ఉంటే గాయనికి 40 వచ్చేవి. మళ్లీ మళ్లీ వినడానికి అంత బలం ఉంది. ఎవరి చందా వాళ్లు విన్నవాళ్లకే చేరే పద్ధతిని సౌండ్‌క్లౌడ్ 2021లో మొదలుపెట్టింది. నా దృష్టిలో న్యాయం అదే.

3. స్పాటిఫైలో 30 సెకన్లు దాటితేనే ప్లే లెక్కలోకి వస్తుంది. 2024 నుంచి ఇంకో గీత కూడా గీశారు: గడచిన 12 నెలల్లో 1,000 ప్లేలు లేని పాటకు రికార్డింగు డబ్బు అసలే రాదు. నలభై మంది అభిమానులు నెలకు రెండేసి సార్లు వింటే ఏడాదికి 960. ఏమీ రాదు. మూడేసి సార్లు వింటే 1,440, గీత దాటినట్టే.

4. పెద్ద ప్లేలిస్టులో చోటు దొరికితే ప్లేలు ఒక్కసారిగా పెరుగుతాయి. తీసేశాక అంతే వేగంగా పడిపోతాయి. శ్రోతలు తమ సొంత లిస్టులో దాచుకున్న పాటకైతే ప్లేలు నెలల తరబడి కొద్దికొద్దిగా వస్తూనే ఉంటాయి. డబ్బిచ్చి ప్లేలు కొనుక్కోమనేవాళ్లను మాత్రం గాయకులు దగ్గరికి రానివ్వకూడదు. దొంగ ప్లేలని తేలితే ఆ లెక్క కొట్టేస్తారు, పైగా జరిమానా పడుతుంది. అభిమానంతోనైనా సరే, ఫోను మ్యూట్‌లో పెట్టి రాత్రంతా పాట తిప్పకండి. అదీ అనుమానంలో పడుతుంది.

5. సినిమా పాటల రికార్డింగు హక్కు సాధారణంగా ఆడియో కంపెనీదే. సొంత పాటైతే పంపిణీదారు రుసుము పోగా మిగిలింది గాయనికే చేరుతుంది.

మీకు నచ్చిన కొత్త గొంతు ఉంటే పేరు పెట్టి వెతకండి, పాట పూర్తిగా వినండి, మీ లిస్టులో చేర్చుకోండి. వచ్చే నెల మళ్లీ వినండి.