మెడను ముందుకు లాగేది అక్షరమే!

ఎనిమిది గంటల షిఫ్టు మొదలైనప్పుడు అందరూ నిటారుగానే కూర్చుంటారు. మధ్యాహ్నం మూడయ్యేసరికి చాలామంది తల ముందుకు, స్క్రీన్ వైపు వంగిపోయి ఉంటుంది. కుర్చీ మంచిదే, బల్ల ఎత్తు సరిపోతుంది. అయినా ఇలా ఎందుకు అవుతుంది? చాలాసార్లు దీనికి కారణం వెన్నులో కాదు, కంటిలో ఉంటుంది. అక్షరాలు చిన్నగా కనిపిస్తే కన్ను తలను ముందుకు లాగుతుంది, తల వెనకే మెడా భుజాలూ వెళ్తాయి.

స్కేలుతో కొలిచి చూస్తే

14 అంగుళాల ల్యాప్‌టాప్‌పై రోజంతా ఖాతాల పట్టికలు చూసే ఒక ఉద్యోగిని ఉదాహరణగా తీసుకుందాం. తెరపై కనిపించే ఇంగ్లిష్ పెద్ద అక్షరం H ఎత్తును స్కేలుతో కొలిస్తే 2.3 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. అక్షరం కంటి దగ్గర చేసే కోణం కనీసం 20 ఆర్క్ నిమిషాలు, అంటే డిగ్రీలో మూడో వంతు ఉంటే గంటల తరబడి హాయిగా చదవవచ్చని ఎర్గోనామిక్స్ ప్రమాణాలు చెబుతాయి. 2.3 మి.మీ. అక్షరం ఆ కోణం చేయాలంటే కన్ను సుమారు 40 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. కానీ స్క్రీన్ చేయి చాచినంత దూరంలో, అంటే దాదాపు 65 సెం.మీ. దూరంలో ఉంది. ఆ తేడాను తల ముందుకు వంగి పూడుస్తుంది.

65 సెం.మీ. దూరం నుంచే చదవాలంటే అక్షరం ఎత్తు 3.8 మి.మీ. ఉండాలి. అంటే జూమ్‌ను 100 నుంచి సుమారు 165 శాతానికి పెంచాలి. చాలా ప్రోగ్రాముల్లో `Ctrl` నొక్కి పట్టుకుని మౌస్ చక్రాన్ని పైకి తిప్పితే చాలు. కింద వత్తులుండే తెలుగు అక్షరాలకు ఇంకాస్త పెద్ద సైజు అవసరం. జూమ్ పెంచితే పట్టికలో తక్కువ గడులు కనిపిస్తాయన్నది నిజమే. పట్టికలతోనే పని అయితే పెద్ద మానిటర్ తప్ప దీనికి మంచి పరిష్కారం లేదు.

దూరం తగ్గితే ఏమవుతుంది?

దగ్గరి వస్తువును చూడటానికి కంటిలోని సిలియరీ కండరం బిగుసుకుని కటకాన్ని ఉబ్బేలా చేస్తుంది. ఈ శ్రమను డయాప్టర్లలో కొలుస్తారు. 1ని మీటర్లలోని దూరంతో భాగిస్తే ఆ విలువ వస్తుంది. 40 సెం.మీ. దూరానికి 2.5, 65 సెం.మీ. దూరానికి సుమారు 1.5, ఆరు మీటర్ల దూరానికి 0.2 కన్నా తక్కువ. ప్రతి 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరాన్ని 20 సెకన్లపాటు చూడమనడంలో ఉద్దేశం ఈ కండరాన్ని వదులు చేయడమే. ఆ అంకెల్లో మహత్తేమీ లేదు, తరచుగా దూరం చూడటమే ముఖ్యం.

మెడ లెక్క వేరు. తల బరువు సుమారు 5 కిలోలు. తల ముందుకు వంగిన కోణం 15 నుంచి 30 డిగ్రీలకు పెరిగితే, దాన్ని ఆపి ఉంచడానికి మెడ వెనుక కండరాలపై పడే భారం దాదాపు రెట్టింపవుతుంది.

స్క్రీన్ ఎంత ఎత్తులో ఉండాలి?

స్క్రీన్ పై అంచు కంటి ఎత్తులో గానీ, కొంచెం కిందికి గానీ ఉండాలి. అంతకన్నా పైకి లేపితే కనురెప్పలు ఎక్కువగా తెరుచుకుని కన్నీటి పొర త్వరగా ఆవిరవుతుంది. స్క్రీన్ చూస్తున్నప్పుడు మనం రెప్ప వేయడమూ తగ్గిస్తాం. ముఖానికి ఏసీ గాలి నేరుగా తగిలితే మంట ఇంకా పెరుగుతుంది. ఈ పొడిబారడం దూరం సరిచేసినంత మాత్రాన పోదు. మధ్యమధ్యలో రెప్పలు పూర్తిగా మూసి తెరవాలి.

ల్యాప్‌టాప్‌ను పుస్తకాలపై పెట్టి ఎత్తు పెంచితే విడిగా కీబోర్డు, మౌస్ తప్పనిసరి. లేకపోతే మెడకు తగ్గిన భారం భుజాల మీద పడుతుంది. బైఫోకల్ కళ్లద్దాలున్నవారు కింది భాగంలోంచి చూడటానికి గడ్డం పైకెత్తుతారు. వారు స్క్రీన్‌ను ఇంకా దించుకోవాలి, లేదా స్క్రీన్ దూరం కొలిచి కంటి వైద్యుడికి చెప్పి, ఆ దూరానికి తగ్గ అద్దాలు తీసుకోవాలి.

లేచి కదలాల్సిందే

అన్నీ సరిచేసుకున్నా ఒకే భంగిమలో ఉంటే కండరాలు అలసిపోతాయి. ఎందుకంటే బిగుసుకుని ఉన్న కండరంలో రక్త ప్రసరణ తగ్గుతుంది. అమెరికాలోని నియోష్ సంస్థ పరిశోధకులు డేటా ఎంట్రీ ఉద్యోగులపై చేసిన ఒక అధ్యయనం 2000లో వెలువడింది. మామూలుగా ఉండే రెండు 15 నిమిషాల విరామాలకు తోడు, విరామం లేని గంటల్లో 5 నిమిషాల చొప్పున రోజుకు మొత్తం 20 నిమిషాలు అదనంగా ఇచ్చారు. కంటి అలసట, ఒంటి నొప్పులు తగ్గాయి. పని వేగం పెరగడంతో మొత్తం పని తగ్గలేదు. ఆ ఐదు నిమిషాలు కుర్చీలోనే ఫోన్ చూస్తూ గడిపితే కంటికీ మెడకూ పని మారదు. మంచినీళ్ల దాకా నడిచి వెళ్లి, కిటికీలోంచి దూరంగా చూసి వస్తే రెండూ తేరుకుంటాయి.

మార్పు పనిచేసిందో లేదో తెలుసుకోవడం సులువు. షిఫ్టు మొదట్లో ఒకసారి, చివరి గంటలో ఒకసారి కంటికీ స్క్రీన్‌కూ మధ్య దూరం టేపుతో కొలవాలి. చివరి గంటలో దూరం బాగా తగ్గితే అక్షరం ఇంకా చిన్నదిగా ఉందని, లేదా అద్దాల పవర్ మారిందని అనుమానించాలి. చేతివేళ్లు తిమ్మిరెక్కుతున్నా, చేతిలో పట్టు తగ్గినా, చూపు ఒక్కసారిగా మసకబారినా, వస్తువులు రెండుగా కనిపించినా బల్ల సర్దుకుంటూ కూర్చోకుండా వైద్యుణ్ణి కలవాలి.